నిలిచిన ఫొటో, నడిచే చూపు

పెళ్లి స్వర్ణోత్సవమో, షష్టిపూర్తో, ఉద్యోగ విరమణో జరుగుతుంటే ఇప్పుడు ఫంక్షన్ హాల్లో స్టేజి పక్కన ఒక ఎల్‌ఈడీ తెర తప్పకుండా ఉంటోంది. భోజనాలకు ముందు అందులో ఓ పది నిమిషాల వీడియో వేస్తారు. పాత ఆల్బమ్‌లోని ఫొటోలు ఒక్కొక్కటిగా వస్తాయి. ప్రతి ఫొటో మెల్లగా పెద్దదవుతుంది, కరిగిపోతుంది, దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ కాస్త గమనిస్తే ఒక లోపం కనిపిస్తుంది. ఫొటో ఏదైనా జూమ్ మాత్రం ఎప్పుడూ దాని నడిమధ్యకే వెళుతుంది. వెనకాల గొంతు తాతగారి గురించి చెబుతుంటే తెరమీద పెద్దదవుతున్నది గ్రూపు ఫొటో ముందున్న టీపాయ్, దానిమీది పూలకుండీ. తాతగారు అంచుకు జరిగి, మెల్లగా తెర బయటికి వెళ్లిపోతారు.

ఇందులో ఎడిటర్ తప్పేమీ లేదని చెప్పలేం. సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న జూమ్‌ను అన్ని ఫొటోలకూ ఒకేసారి అతికించేస్తే జరిగేది ఇదే. ఆ ఫొటోలో ఎవరున్నారో, మాట ఎవరి గురించి నడుస్తోందో ఆ జూమ్‌కు తెలియదు. దానికి తెలిసింది ఫొటో మధ్య బిందువు ఒక్కటే. చూపు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మనిషి చెప్పాలంటే కీఫ్రేమ్‌లు వాడాలి. రెండంటే రెండు కీఫ్రేమ్‌లు సరిగ్గా పెడితే చాలు, అదే ఫొటో కథ చెప్పడం మొదలుపెడుతుంది.

స్టాండు మీద కెమెరా నుంచి ఐమూవీ దాకా

కంప్యూటర్లు రాకముందే ఈ పని జరిగేది. ఫొటోను ఒక బల్లమీద పరిచి, పైన నిలువు స్టాండుకు సినిమా కెమెరా బిగించేవారు. దీన్ని రోస్ట్రమ్ కెమెరా అనేవారు. కెమెరా కిందికి దిగితే జూమ్, బల్ల పక్కకు జరిగితే పాన్. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ప్రతి ఫ్రేముకూ బల్లను వెంట్రుకవాసి జరిపి, ఒక్క ఫ్రేము తీసి, మళ్లీ జరపాలి. ఎక్కడైనా చేయి కాస్త ఎక్కువ కదిలితే తెరమీద ఫొటో ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన తొలి చిత్రాల్లో ఒకటి కెనడాలో తయారైంది. 1957లో ఆ దేశపు నేషనల్ ఫిల్మ్ బోర్డు 'సిటీ ఆఫ్ గోల్డ్' అనే చిన్న డాక్యుమెంటరీ తీసింది. కోలిన్ లో, వుల్ఫ్ కెనిగ్ దాని దర్శకులు. క్లోండైక్ ప్రాంతంలో బంగారం దొరికిందని తెలిసి 1890ల చివర్లో వేలమంది ఎగబడిన డాసన్ పట్టణం కథ అది. ఆ రోజులకు మిగిలిన సాక్ష్యం గాజు పలకల మీది పాత ఫొటోలే. కెమెరా ఆ ఫొటోల మీదుగా నెమ్మదిగా నడుస్తుంది, జనం గుంపులోకి వెళ్లి ఒక ముఖం దగ్గర ఆగుతుంది. వందేళ్లనాటి మనుషులు ఎదురుగా నిలబడ్డట్టు అనిపిస్తుంది.

ఆ చిత్రం ప్రభావం తనమీద ఉందని చెప్పిన అమెరికన్ దర్శకుడు కెన్ బర్న్స్, 1990లో 'ది సివిల్ వార్' అనే డాక్యుమెంటరీ సిరీస్‌లో ఇదే పద్ధతిని విస్తారంగా వాడారు. 1861 నుంచి 1865 వరకు సాగిన ఆ యుద్ధం కాలానికి ఫొటోగ్రఫీ ఉంది, సినిమా లేదు. కదిలే బొమ్మ ఒక్కటీ లేని చరిత్రను గంటల తరబడి టీవీలో చూపించాలంటే నిలిచిన ఫొటోలోనే షాట్లు వెతుక్కోవాలి. ఒకే ఫొటోలో బర్న్స్ బృందం ముందు మొత్తం దృశ్యాన్ని చూపేది, తర్వాత ఒక సైనికుడి ముఖాన్ని, ఆ తర్వాత అతని చేతిని. అంటే కదలిక అలంకారం కోసం కాదు. సినిమాలో లాంగ్ షాట్, క్లోజప్ చేసే పనినే అది చేసింది.

2003లో ఆపిల్ సంస్థ ఐమూవీ మూడో వెర్షన్‌లో ఈ సదుపాయాన్ని చేర్చింది. స్టీవ్ జాబ్స్ అడిగితే తన పేరు వాడుకోవడానికి బర్న్స్ ఒప్పుకున్నారు. అప్పటి నుంచి దీనికి 'కెన్ బర్న్స్ ఎఫెక్ట్' అనే పేరు స్థిరపడింది. రోజంతా స్టాండు దగ్గర నిలబడి చేసే పని ఒక్క క్లిక్కుకు వచ్చింది. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచనను మాత్రం ఆ క్లిక్కు చేయలేదు.

కీఫ్రేమ్ అంటే

వీడియోలో ప్రతి ఫొటోకూ కొన్ని కొలతలుంటాయి. తెరమీద ఎక్కడ ఉంది, ఎంత సైజులో ఉంది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ప్రీమియర్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్‌లో మొదటిదాన్ని Position అనీ, రెండోదాన్ని Scale అనీ చూపిస్తారు. మామూలుగా ఈ కొలతలు క్లిప్పు మొదలు నుంచి చివరి దాకా మారవు. ఫలానా క్షణంలో ఈ కొలత ఇంత ఉండాలి అని టైమ్‌లైన్ మీద పెట్టే గుర్తే కీఫ్రేమ్. ఇంకో క్షణంలో ఇంకో కొలతతో రెండో గుర్తు పెడితే, ఈ రెంటి మధ్య వచ్చే ప్రతి ఫ్రేములో కొలత ఎంత ఉండాలో సాఫ్ట్‌వేరే లెక్కకట్టుకుంటుంది. చుక్కల ముగ్గులాంటిదే ఇది: చుక్కలు ఎడిటర్ పెడతాడు, గీత సాఫ్ట్‌వేర్ కలుపుతుంది. చుక్క తప్పు చోట పడితే గీత ఎంత నున్నగా ఉన్నా ముగ్గు కుదరదు.

చేతితో గీసే యానిమేషన్ స్టూడియోల నుంచి వచ్చిన పద్ధతి ఇది. అనుభవమున్న చిత్రకారుడు ఒక కదలికలోని ముఖ్యమైన భంగిమలు గీస్తే, మధ్యలోని బొమ్మల్ని సహాయకులు పూరించేవారు. ఇప్పుడు ఆ సహాయకుల పని కంప్యూటర్ చేస్తోంది.

ఒక పెళ్లి ఫొటో, ఒక చిన్నపిల్ల

ఒక ఫొటో తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. 1975లో జరిగిన పెళ్లిలో తీసిన నలుపు తెలుపు గ్రూపు ఫొటో అనుకుందాం. మధ్యలో కుర్చీల్లో దంపతులు. వెనక వరసలో పెద్దలు నిలబడ్డారు. ముందు జంపఖానా మీద పిల్లలు. వారిలో కుడివైపున, రెండు జడలతో ఎనిమిదేళ్ల పిల్ల. ఆమె పెళ్లికొడుకు చెల్లెలు. ఇప్పుడు స్వర్ణోత్సవ వీడియోలో మాట్లాడుతున్నది ఆమే. "అన్నయ్య పెళ్లికి నాకు కొత్త పట్టులంగా కుట్టించారు" అని ఆమె గొంతు వినిపించే సరికి తెరమీద ఆ పిల్ల కనిపించాలి. అయితే దంపతులు పూర్తిగా మాయమైపోకూడదు, ఎందుకంటే వేడుక వాళ్లది.

మొదటి అడుగు స్కానింగ్. ఫొటో సైజు ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 4800 పిక్సెళ్ల వెడల్పు, 3600 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఫైలు వస్తుంది. వీడియో ఫ్రేము సైజు 1920 × 1080. అంటే ఫొటోలో తెరకు కావలసినదానికంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెడల్పు ఉంది. జూమ్ చేసేటప్పుడు ఖర్చుపెట్టుకునేది ఈ మిగులునే. అదే ఫొటోను 300 డీపీఐలో స్కాన్ చేసి ఉంటే ఫైలు వెడల్పు 2400 పిక్సెళ్లే. అప్పుడు పిల్ల దగ్గరికి చేరే సరికి ఫొటోను అసలు సైజు కంటే 20 శాతం పెద్దది చేయాల్సి వచ్చేది. ముఖం మెత్తబడి, మసకబారేది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినవాటితో వచ్చే చిక్కు కూడా ఇదే. అది పంపేటప్పుడే ఫొటోను కుదించేస్తుంది. చుట్టాల దగ్గర నుంచి తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే అసలు ఫైలు చేతికి వస్తుంది.

రెండో అడుగు ఫొటోను టైమ్‌లైన్ మీద పెట్టడం. ఇక్కడ చాలామంది తెలియకుండా చేసే నష్టం ఒకటి ఉంది. ప్రీమియర్ ప్రోలో పెద్ద ఫొటోను తెరకు సరిపెట్టడానికి రెండు దారులున్నాయి. Set to Frame Size అనేది ఫొటోను అలాగే ఉంచి, Scale అంకెను మాత్రమే మారుస్తుంది. Scale to Frame Size అనేది ఫొటోను ముందే తెర సైజుకు కుదించేసి, ఆ కుదించినదాన్నే 100 శాతంగా లెక్కిస్తుంది. రెండింటిలోనూ తెరమీద మొదట కనిపించేది ఒకటే. కానీ రెండోదాంట్లో జూమ్ చేస్తే స్కాన్ చేసిన 4800 పిక్సెళ్లలో చాలా భాగం వృథా అయిపోయి బొమ్మ మసకగా వస్తుంది. ఫొటో మంచిదే, స్కాన్ మంచిదే, అయినా జూమ్ మసకగా ఉందంటే మొదట చూడవలసింది దీన్నే.

మూడో అడుగు అసలైనది. చివరి ఫ్రేము ముందు తేల్చుకోవాలి. చూపు ఎక్కడ ఆగాలో తెలిస్తే ఎక్కడ మొదలవ్వాలో దానంతటదే తెలుస్తుంది. ప్లేహెడ్‌ను కదలిక ముగియాల్సిన చోట ఉంచి, Effect Controls లో Position, Scale పక్కనున్న స్టాప్‌వాచ్ గుర్తులు నొక్కాలి. నొక్కగానే వజ్రం ఆకారంలో చిన్న గుర్తులు పడతాయి. అవే కీఫ్రేమ్‌లు. ఇప్పుడు పిల్ల బాగా కనిపించేలా ఫొటోను పెద్దది చేసి జరపాలి. Scale 60 శాతం దగ్గర ఆమె ముఖం స్పష్టంగా కనిపిస్తోందనుకుందాం.

ఆమెను సరిగ్గా తెర మధ్యకు తేవాలని ఎవరికైనా అనిపిస్తుంది. స్కాన్‌లో ఆమె ముఖం ఫొటో మధ్య బిందువుకు 1000 పిక్సెళ్లు కుడివైపు, 500 పిక్సెళ్లు కింద ఉంది. 60 శాతం సైజులో అది 600, 300 అవుతుంది. తెర మధ్య బిందువు 960, 540. కాబట్టి Position ను 360, 240 చేస్తే ఆమె సరిగ్గా మధ్యకొస్తుంది. కానీ అలా చేయగానే తెర కుడి అంచున 120 పిక్సెళ్ల నల్లపట్టీ కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఫొటో అయిపోయింది. అంచున ఉన్న మనిషిని మధ్యకు లాగితే ఎప్పుడూ ఇదే తంటా.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. Scale ను 80 దాకా పెంచితే ఆమె మధ్యకు వస్తుంది, పట్టీ పోతుంది, కానీ దంపతులు ఎడమవైపు అంచుకు నెట్టుకుపోతారు. అంతకంటే మంచి దారి 60 దగ్గరే ఉండి, Position ను 500, 240 చేయడం. అప్పుడు పిల్ల తెర మధ్యకు 140 పిక్సెళ్లు కుడివైపున నిలుస్తుంది. దంపతులు ఎడమవైపు పైభాగంలో మిగులుతారు. ఒకే ఫ్రేములో అన్నా వదినలు, చెల్లెలు. ఆ గొంతు చెబుతున్న మాటకు ఈ ఫ్రేమే సరైనది.

ఇప్పుడు ప్లేహెడ్‌ను వెనక్కి, కదలిక మొదలయ్యే చోటికి తీసుకెళ్లి Position 960, 540 అనీ, Scale 42 అనీ ఇవ్వాలి. ఫొటో వెడల్పు తెరకు సరిగ్గా సరిపోయేది 40 దగ్గర. పాత ఫొటోల అంచులు వంకరగా, చిరిగి ఉంటాయి కాబట్టి రెండు శాతం అదనంగా పెట్టుకుంటే అవి తెరమీదికి రావు. ఈ సైజులో పైన పందిరి, కింద జంపఖానా కొంత కత్తిరించుకుపోతాయి. ముఖాలన్నీ మిగులుతాయి.

ఎంత నెమ్మది?

నెమ్మదైన కదలిక అంటే ఎంత నెమ్మది అన్నది లెక్కవేసి చూడొచ్చు. మొదటి ఫ్రేములో పిల్ల ముఖం తెరమీద 1380, 750 దగ్గర ఉంది. చివరి ఫ్రేములో 1100, 540 దగ్గర. అంటే 280 పిక్సెళ్లు ఎడమకు, 210 పిక్సెళ్లు పైకి జరిగింది. ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 350 పిక్సెళ్లు. ఈ ప్రయాణానికి ఎనిమిది సెకన్లు ఇచ్చామనుకుంటే, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 200 ఫ్రేములు. ఫ్రేముకు 1.75 పిక్సెళ్ల కదలిక. కన్ను హాయిగా వెంట నడుస్తుంది. ఇదే కదలికను రెండు సెకన్లలో ముగిస్తే ఫ్రేముకు ఏడు పిక్సెళ్లు. అప్పుడు ముఖాలు తెరమీద తడబడుతూ జరిగినట్టు ఉంటుంది, ఎవరెవరో పోల్చుకునే లోపే ఫొటో దాటిపోతుంది.

సెకన్లు మాత్రం కథనాన్ని బట్టి రావాలి. గ్రూపు ఫొటోలో చూసేవాళ్లు వెంటనే తమకు తెలిసిన ముఖాల కోసం వెతుకుతారు. అందుకు కాస్త వ్యవధి ఇవ్వాలి. అందుకే ఈ ఉదాహరణలో క్లిప్పు మొత్తం పన్నెండు సెకన్లు. మొదటి రెండు సెకన్లు ఫొటో కదలదు. తర్వాత ఎనిమిది సెకన్లు నడుస్తుంది. చివరి రెండు సెకన్లు పిల్ల దగ్గర ఆగుతుంది. కదలిక మొదలు రెండో సెకను దగ్గర, ముగింపు పదో సెకను దగ్గర. మొదటి కీఫ్రేమ్‌కు ముందు, చివరి కీఫ్రేమ్ తర్వాత కొలతలు వాటంతటవే స్థిరంగా ఉంటాయి కాబట్టి ఆగే సమయం కోసం అదనపు గుర్తులు పెట్టనక్కర్లేదు.

ఈ సంగతి తెలియక కొందరు సున్నా సెకను దగ్గర కూడా అవే అంకెలతో ఇంకో Position కీఫ్రేమ్ పెడతారు. అప్పుడొక వింత జరుగుతుంది. ఆగి ఉండవలసిన ఫొటో ఆ రెండు సెకన్లలో కాస్త పక్కకు జరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. మూడు గుర్తులు ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ వాటి మధ్య దారిని వంపుగా గీయాలని చూస్తుంది, ఆ వంపే ఇలా బయటపడుతుంది. కీఫ్రేమ్‌లను ఎంచుకుని, కుడి క్లిక్ చేసి, Spatial Interpolation లో Linear ఎంచుకుంటే ఆ ఊగిసలాట పోతుంది.

రెండు గుర్తుల మధ్య కదలిక మామూలుగా ఒకే వేగంతో సాగుతుంది. ఆగి ఉన్న ఫొటో ఉన్నట్టుండి కదలడం, కదులుతున్నది ఉన్నట్టుండి ఆగిపోవడం కంటికి గుచ్చుకుంటుంది. అందుకని మొదటి కీఫ్రేమ్‌కు Ease Out, చివరిదానికి Ease In ఇస్తారు. మొదటిది మెల్లగా బయల్దేరేలా, రెండోది మెల్లగా ఆగేలా చూస్తాయి. అవి Temporal Interpolation అనే మెనూలో ఉంటాయి.

ఇక్కడొక జాగ్రత్త తప్పనిసరి. Position కీ Scale కీ ఒకే రకమైన ఈజ్ ఇవ్వాలి. ఒకదానికి ఇచ్చి ఇంకోదాన్ని వదిలేస్తే మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము బాగానే ఉంటాయి, మధ్యలో దెబ్బతింటుంది. ఉదాహరణకు ఒక క్షణంలో Position తన దారిలో 70 శాతం నడిచేసి, Scale ఇంకా 30 శాతం దగ్గరే ఉందనుకుందాం. ఫొటో తగినంత పెద్దది కాకముందే ఎడమకు జరిగిపోయింది కాబట్టి కుడి అంచున దాదాపు 144 పిక్సెళ్ల నల్లపట్టీ తెరుచుకుంటుంది. కాసేపటికి అదే మూసుకుపోతుంది. మొదలు, చివర మాత్రమే చూసి ఓకే అనుకున్నవాళ్లకు ఇది ఎల్‌ఈడీ తెర మీదే మొదటిసారి కనిపిస్తుంది. కదలిక మధ్యలో కూడా ఒకటి రెండు చోట్ల ఆపి నాలుగు అంచులూ చూసుకుంటే ఆ ఇబ్బంది రాదు.

వణుకు, మిలమిల

నెమ్మదిగా చేస్తే అంతా నున్నగా వస్తుందని అనుకోవడానికి లేదు. మరీ నెమ్మదైన కదలికకు దాని కష్టాలు దానికున్నాయి. 200 ఫ్రేముల్లో ఫొటో 40 పిక్సెళ్లే జరగాలంటే ఫ్రేముకు 0.2 పిక్సెల్ చొప్పున జరగాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు స్థానాన్ని పూర్తి పిక్సెళ్లలోనే లెక్కిస్తాయి. అలాంటిచోట ఫొటో కొన్ని ఫ్రేములపాటు కదలక, తర్వాత ఒక పిక్సెల్ గెంతుతుంది. మళ్లీ ఆగి, మళ్లీ గెంతుతుంది. చూసేవాళ్లకు అది సన్నని వణుకులా కనిపిస్తుంది. కమాండ్లతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని zoompan ఫిల్టర్‌కు ఈ పేరు బాగా ఉంది. అది వాడేవాళ్లు ఫొటోను ముందే కొన్ని రెట్లు పెద్దది చేసుకుని, ఆ తర్వాత జూమ్ చేయిస్తారు. పెద్ద ఫొటోలో ఒక పిక్సెల్ గెంతు, తెర సైజుకు కుదించేసరికి పిక్సెల్‌లో చిన్న భాగమే అవుతుంది కాబట్టి కంటికి ఆనదు. ప్రీమియర్ ప్రో లాంటివి పిక్సెల్‌లో భాగాలను కూడా లెక్కిస్తాయి కాబట్టి వాటిలో ఈ వణుకు మామూలుగా రాదు. ఎడిటింగ్ చేస్తుండగా ప్రివ్యూలో కదలిక ఆగి ఆగి సాగితే వెంటనే కీఫ్రేమ్‌లను అనుమానించకూడదు. కంప్యూటర్ అంత పెద్ద ఫొటోను అప్పటికప్పుడు ఆడించలేక కొన్ని ఫ్రేములు వదిలేస్తుండొచ్చు. ఆ ముక్కను రెండర్ చేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది మిలమిల. పట్టుచీర జరీ గీతలు, కిటికీ ఊచలు, పత్రికల్లో అచ్చైన ఫొటోల్లోని సన్నని చుక్కలు జూమ్ అవుతున్నప్పుడు పాకుతున్నట్టు, మెరుస్తున్నట్టు కనిపిస్తాయి. 4800 పిక్సెళ్ల సూక్ష్మ వివరాన్ని 1920 పిక్సెళ్లలోకి ప్రతి ఫ్రేములోనూ కొత్తగా కుదించాల్సి రావడమే దీనికి కారణం. సన్నని గీత ఒక ఫ్రేములో ఒక పిక్సెల్ మీద, తర్వాతి ఫ్రేములో పక్క పిక్సెల్ మీద పడుతుంది. విచిత్రంగా ఇక్కడ నష్టం చేసేది పిక్సెళ్లు మరీ ఎక్కువ ఉండటం. మన ఉదాహరణలో Scale ఎప్పుడూ 60 దాటదు. కాబట్టి ఫొటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫొటోను ముందే 60 శాతానికి, అంటే 2880 × 2160 కు కుదించి తెచ్చుకుంటే చాలు. అప్పుడు Scale 70 నుంచి 100 దాకా నడుస్తుంది, Position అంకెలు మారవు. తెరమీద కనిపించేది అదే, జరీ మాత్రం చాలావరకు స్థిమితపడుతుంది. అప్పటికీ మెరుస్తుంటే చీర ఉన్నంతమేర కొద్దిగా బ్లర్ చేస్తారు. ఫోర్‌కే వీడియో చేసేవాళ్లు మాత్రం కుదించకూడదు సరికదా, ఆ తెరకు రెట్టింపు వెడల్పు కావాలి కాబట్టి అదే ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేసుకోవాలి.

ఒకదాని నుంచి ఇంకోదానికి

ఫొటోలు ఒకదానిలోకి ఒకటి కరిగే చోట, అంటే డిజాల్వ్ దగ్గర, కీఫ్రేమ్‌లు ఎక్కడ పెట్టామన్నది బయటపడుతుంది. పిల్ల దగ్గర ఆగి, రెండు సెకన్లు నిలిచిన ఫొటో తర్వాత ఇంకో నిలిచిన ఫొటో డిజాల్వ్ అయితే బాగుంటుంది. కదులుతూ ఉండగానే డిజాల్వ్ చేయాలనుకుంటే రెండు ఫొటోలూ ఆ డిజాల్వ్ పూర్తయ్యేదాకా కదులుతూనే ఉండాలి. చివరి కీఫ్రేమ్ డిజాల్వ్ మధ్యలో పడితే సగం కరిగిన ఫొటో హఠాత్తుగా నిలబడిపోతుంది, కన్ను అక్కడికే పోతుంది. అలాంటప్పుడు కీఫ్రేమ్‌ను క్లిప్పు చివరి ఫ్రేము దాకా జరపాలి, దానికి ఈజ్ తీసేయాలి. కదిలే ఫొటోలు వరుసగా వస్తున్నప్పుడు ఒకటి కుడికి, ఇంకోటి ఎడమకు లాగితే చూసేవాళ్లకు తల తిప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి దిశ కూడా చూసుకోవాలి.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లోనూ ఈ పని చేయొచ్చు. కైన్‌మాస్టర్‌లో ఫొటో క్లిప్పుకు మొదటి స్థానం, చివరి స్థానం అని రెండు చట్రాలు ఉంటాయి. వాటిని వేళ్లతో జరిపి పెడితే మధ్యలో కదలిక దానంతటదే వస్తుంది. డావిన్చీ రిజాల్వ్‌లోని Dynamic Zoom కూడా ఇలాంటిదే. అందులో ఆకుపచ్చ చట్రం మొదలును, ఎర్ర చట్రం ముగింపును చూపుతాయి. ఇవన్నీ రెండు కీఫ్రేమ్‌లకు మరో రూపాలే. కానీ కదలికకు ముందూ వెనకా ఎంతసేపు ఆగాలన్నది మనమే నిర్ణయించాలంటే, అంకెలతో పెట్టే కీఫ్రేమ్‌లే సులువు.

అదే పెళ్లి ఫొటోను తిరగేసి కూడా వాడొచ్చు. రెండు కీఫ్రేమ్‌ల అంకెలు తారుమారు చేస్తే ముందు రెండు జడల పిల్ల కనిపిస్తుంది, తర్వాత చూపు వెనక్కి వస్తుంటే అన్నా వదినలు తెర మధ్యకు వచ్చి, వెనక వరసలోని పెద్దలంతా ఒక్కొక్కరుగా ఫ్రేములోకి వస్తారు. చెల్లెలి మాట "ఆ ఫొటోలో ఉన్న పెద్దవాళ్లలో ఇప్పుడు ముగ్గురే మిగిలారు" అని సాగేటట్టయితే ఈ వెనక్కి వచ్చే కదలికే సరిపోతుంది. అప్పుడు చివర ఆగే సమయాన్ని రెండు సెకన్ల నుంచి నాలుగుకు పెంచాలి, ఎందుకంటే ముఖాలన్నీ తెరమీదికి వచ్చేది చివర్లోనే, హాల్లో కూర్చున్నవాళ్లు ఆ ముగ్గురెవరా అని వెతుక్కునేదీ అప్పుడే.